బీకాం అయ్యాక ఏ దారి: బలాలు, బలహీనతలు కాగితం మీద తేల్చుకోవడం ఎలా

ప్రశ్న: మాది గాజువాక. ఈ ఏడాదే బీకాం కంప్యూటర్స్ అయింది, 71 శాతం. నాన్న బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. ఫ్రెండ్ ఒకమ్మాయి పోర్టు వైపు, సరుకుకి కస్టమ్స్ పనులు చూసిపెట్టే సీహెచ్‌ఏ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్‌కి ఖాళీ ఉంది రమ్మంటోంది. మావయ్య ఏమో తెలిసిన ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ పనికి మాట్లాడతానంటున్నారు. నీ స్ట్రెంత్స్, వీక్‌నెస్‌లు రాసుకుని తేల్చుకో అని అందరూ చెప్తారు. కూర్చుంటే 'కష్టపడతాను, సిగ్గెక్కువ' తప్ప ఇంకేమీ రావట్లేదు. ఆదివారాలు మావయ్య హార్డ్‌వేర్ షాపులో లెక్కలు చూస్తాను, కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ డెస్క్ చూశాను, అంతే నా అనుభవం. సెమినార్ అంటే నోరు ఎండిపోతుంది. ఇది సరిగ్గా ఎలా చేయాలి?

జవాబు:

ముందు ఆ నాలుగు గళ్ల కాగితం పక్కన పెట్టండి. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని గళ్లు గీసి కూర్చుంటే ఎవరికైనా గుణాల పేర్లే తడతాయి. గుణం పేరుతో ఏ ఉద్యోగాన్నీ పోల్చి చూడలేం. 'కష్టపడతాను' అనేది బ్యాంకుకీ సరిపోతుంది, ఆడిటర్ ఆఫీసుకీ సరిపోతుంది. మూడింటికీ సరిపోయే మాట మూడింట్లో ఒకటి తేల్చడానికి పనికిరాదు. గళ్లు ఆఖర్న నింపుకోవచ్చు. మొదట కావాల్సింది మీరు చేసిన పనుల జాబితా.

గత మూడు నాలుగేళ్లలో మీ చేతుల మీదుగా జరిగిన పనులు 12 నుంచి 15 రాయండి. ఒక్క సాయంత్రంలో గుర్తురావు, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. ఫోన్ గ్యాలరీ నెలల వారీగా వెనక్కి తిప్పితే సగం అక్కడే దొరుకుతాయి. కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో మీ పేరుతో వెతికితే 'ఇది ఆ అమ్మాయికి ఇవ్వండి' అని ఎవరో అన్న మాటలు బయటపడతాయి, వాటికి విలువ ఎక్కువ. పని చిన్నదైనా ఫర్వాలేదు. నాన్న మెడిక్లెయిమ్ కాగితాలు సర్ది పంపడం, పెళ్లిలో చదివింపుల పుస్తకం రాయడం కూడా పనులే. మార్కులు మాత్రం ఇందులో రాయకండి. 71 శాతం అంటే ఏ పనిలో 71? అందులో బట్టీ ఎంతో, అర్థమై రాసింది ఎంతో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్కో పనికి నాలుగు వాక్యాలు చాలు: చేతికి ఏం వచ్చింది, నేను ఏం చేశాను, చివరికి ఏం తేలింది, అయ్యాక నా ఒంట్లో ఓపిక ఎలా ఉంది. ఈ నాలుగో వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. చేయగలిగిన పని వేరు, రోజూ చేసినా విసుగు రాని పని వేరు. ఆ తేడా తెలిసేది ఈ వాక్యంలోనే. జాబితాలో కనీసం నాలుగు మీరు చెడగొట్టినవో, తప్పించుకున్నవో ఉండాలి. అన్నీ విజయాలే అయితే అది రెజ్యూమే అవుతుంది, విశ్లేషణ కాదు.

మీరు చెప్పిన రెండు అనుభవాలే తీసుకుని ఎలా రాయాలో చూపిస్తాను. వివరాలు నేను ఊహించి రాస్తున్నవి, మీవి వేరేగా ఉంటాయి.

షాపు: 'సప్లయర్ బిల్లులు, మావయ్య నోటు పుస్తకం ఇచ్చారు. బిల్లు నంబర్ల వరుసలో పెట్టి పుస్తకంతో సరిచూశాను. ఒక పైపుల బిల్లు రెండుసార్లు ఎక్కినట్టు దొరికింది. మూడు గంటలు పట్టింది, టైమే తెలియలేదు.'

అదే షాపు, ఇంకో పని: 'పాత బాకీలున్న వాళ్లకు ఫోన్ చేయమన్నారు. ఇద్దరికి చేసి, మిగతా వాళ్లవి వచ్చే వారం అన్నాను. డబ్బు రాలేదు. ఆ రోజంతా చిరాగ్గా ఉంది.'

ఫెస్ట్: 'డెస్క్ దగ్గర వచ్చిన వాళ్ల పేరు, యూపీఐ రిఫరెన్స్ నంబరు షీటులో ఎక్కించాను. ఒకే స్క్రీన్‌షాట్ ఇద్దరు చూపిస్తే పట్టుకున్నాను. సాయంత్రానికి క్యాష్, షీటు సరిపోయాయి. కాళ్లు నొప్పులు తప్ప బాగానే ఉంది.'

సెమినార్: 'పీపీటీ అంతా నేనే తయారు చేశాను. చెప్పేటప్పుడు రెండో స్లైడ్ దగ్గర ఆగిపోయాను. ఫ్రెండ్ పూర్తి చేసింది.'

ఇలా పదిహేనూ రాశాక ఎర్ర పెన్నుతో క్రియాపదాల కింద గీతలు గీయండి: సరిచూశాను, పట్టుకున్నాను, వరుసలో పెట్టాను, అడిగాను, ఒప్పించాను, నేర్పించాను. ఒకే క్రియ మూడు వేర్వేరు చోట్ల కనిపిస్తే దాన్ని బలం అనుకోవచ్చు. మూడుసార్లూ షాపులోనే కనిపిస్తే అది షాపు అలవాటు కావచ్చు. షాపులో ఒకసారి, ఫెస్ట్‌లో ఒకసారి, ఇంటి కాగితాల్లో ఒకసారి వస్తే అది మీతో పాటు కదిలే గుణమే. ఒక్కసారే కనిపించిన క్రియను బలంలోనూ వేయకండి, బలహీనతలోనూ వేయకండి. 'ఇంకా తెలియదు' అని మూడో గడి పెట్టండి. డిగ్రీ అప్పుడే అయిన వాళ్లకి ఈ గడే అన్నిటికంటే పెద్దదిగా ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని ఖాళీగా ఉంచలేక ఊహలతో నింపేసినప్పుడే లెక్క తప్పుతుంది.

పై ఉదాహరణలో 'రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడం' రెండు చోట్ల వచ్చింది. ఇంకొక చోట దొరికితే దాన్ని ధైర్యంగా రాసుకోవచ్చు.

ఇక 'సిగ్గు' సంగతి. ఇదొక మాట కింద దాక్కున్న మూడు నాలుగు వేర్వేరు సంగతులు. పై ఉదాహరణల ప్రకారం, అరవైమంది ముందు నిలబడి మాట్లాడటం కుదరలేదు. డెస్క్ దగ్గర ఒక్కొక్కరితో, చేతిలో షీటు ఉన్నప్పుడు, రోజంతా మాట్లాడారు. డబ్బు అడగాల్సి వస్తే వెనక్కి తగ్గారు. అంటే ఇబ్బంది మనుషులతో కాదు. గుంపు ముందు ఒకటి, తన నోటితో డబ్బు అడగడం ఇంకొకటి. ఉద్యోగాల్లో ఈ రెండూ విడివిడిగా వస్తాయి. మొదటిది మీరు చెప్పిన మూడు ఉద్యోగాల్లోనూ మొదటి రెండేళ్లలో దాదాపు రాదు. రెండోది మాత్రం వస్తుంది, ఎక్కడ వస్తుందో కింద చెప్తాను. మీ కాగితంలో ఏ బలహీనత ఒక్క మాటలో ఉన్నా ఇలాగే విడగొట్టండి: ఎవరి ముందు, ఏం చేతిలో ఉండగా, ఏం అడగాల్సి వచ్చినప్పుడు.

విడగొట్టాక ప్రతిదీ ఏ రకమో చూడాలి. కొన్ని కేవలం నేర్చుకోనివి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ రాకపోవడం బలహీనత కాదు, వారం పది రోజుల పని. కొన్ని నేర్చుకున్నా ఓపిక తినేసేవి. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పరీక్ష పెట్టుకోవాలి. తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చూపిస్తుండగా ఆ పనిని మూడు వేర్వేరు రోజుల్లో, రెండేసి గంటలు చేయండి. తప్పులు లెక్కపెట్టండి. మూడో రోజుకి తప్పులు సగానికి తగ్గితే అది నేర్చుకోనిది. తప్పులు తగ్గి కూడా నాలుగో రోజు కూర్చోబుద్ధి కాకపోతే అది ఓపిక తినేది. ఓపిక తినే పని రోజులో అరగంట ఉంటే ఎవరైనా నెట్టుకొస్తారు. పూటంతా అదే అయితే ఆ ఉద్యోగం జీతం ఎంతైనా ఏడాది దాటదు.

ఇంతవరకూ మీ కంటితో చూసుకున్నారు. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు జోహారీ విండో అని ఒక పటం ఇచ్చారు. మన గురించి ఎదుటివాళ్లకి తెలిసి మనకు తెలియని భాగం ఒకటి ఉంటుందని అందులో ఒక గడి. దాని కోసం అయిదుగురిని అడగండి. ఇంట్లోవాళ్లు ఒక్కరు చాలు. మిగతావాళ్లు మీతో పని చేసినవాళ్లై ఉండాలి: మావయ్య, ఫెస్ట్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి, ప్రాజెక్టు బ్యాచ్‌లో ఒకరు, ఒక లెక్చరర్.

'నా వీక్‌నెస్ ఏంటి?' అని అడిగితే మన దగ్గర ఎవరూ చెప్పరు, 'నీకేంటమ్మా బంగారం' అంటారు. రెండే ప్రశ్నలు పంపండి: 'ఏ పని వస్తే నాకే అప్పగిస్తారు? ఏ పని నాకు అప్పగించడానికి కొంచెం ఆలోచిస్తారు? ఒక్కోదానికి ఒక సంఘటన చెప్పండి.' ఎవరికి వాళ్లకి విడిగా పంపండి. గ్రూపులో పెడితే మొదటివాళ్లు ఏం రాస్తే మిగతావాళ్లు దానికే వంత పాడతారు. సంఘటన లేకుండా గుణం మాత్రమే చెప్పిన జవాబుని మర్యాదగా పక్కన పెట్టేయండి. ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు వేర్వేరు సంఘటనలతో ఒకే సంగతి చెప్తే, మీకు నచ్చకపోయినా కాగితం మీద ఎక్కించాల్సిందే.

ఆన్‌లైన్ క్విజ్‌ల గురించి ఒక్క మాట. అమెరికా కార్మిక శాఖ తరఫున mynextmove.org లో ఆసక్తుల పరీక్ష ఉచితంగా ఉంది, సరదాగా చేయొచ్చు. అది మీకు ఏది ఇష్టమో చెప్తుంది, ఏది వచ్చో చెప్పదు. అందులో చూపించే ఉద్యోగాలు అక్కడివి. డబ్బు తీసుకుని వేలిముద్రలు చూసి కెరీర్ చెప్తామనే వాళ్ల జోలికి పోకండి.

ఇప్పుడు ఉద్యోగాల వైపు. ఇక్కడా అదే సూత్రం: ఉద్యోగం పేరు కాకుండా, అందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పనులు రాయాలి. ఒక్కో దారికి పది ప్రకటనలు తీసి వాటిలో క్రియల కింద గీతలు గీయండి. ఆ సీట్లో చేరి ఏడాది నుంచి మూడేళ్లైన వాళ్లను ఒకరినైనా కలవండి. ఇరవై ఏళ్ల సీనియర్ చెప్పేది ఆయన ఇప్పటి పని, మీరు చేరబోయేది కాదు. 'జాబ్ ఎలా ఉంటుంది?' అని అడిగితే 'బాగానే ఉంటుంది' అంటారు. 'నిన్న ఆఫీసుకెళ్లిన దగ్గర్నుంచి ఏమేం చేశారు? మీ తర్వాత చేరి మానేసిన వాళ్లు ఎందుకు మానేశారు?' అని అడగండి.

ఆడిటర్ ఆఫీసులో కొత్తవాళ్లకి వచ్చే పనికి నెలలో ఒక లయ ఉంటుంది. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారులకి, అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ. 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి వస్తుంది. సప్లయర్లు చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి, దాన్ని క్లయింటు కొనుగోలు రిజిస్టరుతో సరిపోల్చాలి. 20లోపు, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బి వేయాలి. ఆ పది రోజులూ ఆలస్యంగా ఇంటికి రావడం మామూలే. తేడాలు పట్టుకోవడం మీకు నిజంగా బలమైతే ఇక్కడ రోజులో ఎక్కువ భాగం అదే పని. కానీ బిల్లులు పంపని క్లయింట్ల వెంట ఫోన్లో పడాలి. ఇది బాకీ అడగడంలాంటిదా కాదా అన్నది మీ 'ఇంకా తెలియదు' గడిలోకి వెళ్లాలి. అడిగేది డబ్బు కాదు, కాగితం. చాలామందికి ఈ తేడాతోనే నోరు పెగులుతుంది.

డాక్యుమెంటేషన్ సీట్లో ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు, ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, వీటన్నిటిలో బరువు, పెట్టెల సంఖ్య, కంటైనర్ నంబరు ఒక్కటిగా ఉండేలా చూడాలి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టి పెట్టేది, కొట్టేటప్పుడు జరిగిన తప్పు దొరకడానికే. ఇదీ సరిచూసే పనే, పైగా తప్పు దొర్లితే సవరణకి డబ్బు కట్టాలి. తేడా ఎక్కడంటే, ఆడిటర్ ఆఫీసు గడువు నెలకొకసారి వస్తుంది, ఇక్కడ ఓడ కటాఫ్‌ని, అంటే ఆ ఓడకి సరుకు, కాగితాలు అందాల్సిన ఆఖరి సమయాన్ని బట్టి వస్తుంది. విశాఖ నుంచి వెళ్లే రొయ్యల కంటైనర్ అయితే అది శీతలీకరణలో ఉన్న సరుకు, కాగితం ఆలస్యమైందని నిదానంగా కూర్చోవడం కుదరదు. సరిచూడటంలో బలం ఉన్నా, వెనక ఎవరో తొందర పెడుతుంటే తప్పులు పెరిగే వాళ్లుంటారు. మీ పదిహేను పనుల్లో తొందరలో చేసినవి విడిగా చూడండి. ఫెస్ట్ డెస్క్ అందుకే మంచి ఆధారం: క్యూ ఉండగా కూడా లెక్క సరిపోయిందా?

బ్యాంకు దగ్గర జనం ఎక్కువగా తడబడేది ఇక్కడ: గేటు దాటడానికి కావాల్సిన బలం వేరు, లోపల కుర్చీలో కావాల్సినది వేరు. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఇంగ్లిష్ 30, న్యూమరికల్ 35, రీజనింగ్ 35, ఒక్కోదానికి 20 నిమిషాలు విడిగా. తప్పుకి పావు మార్కు పోతుంది. ఇది వేగం అడిగే పరీక్ష, నిదానంగా మూడు గంటలు కూర్చుని తేడా పట్టుకునే బుర్రకి ఇది వేరే ఆట. కుర్చీలో కూర్చున్నాక కౌంటరు, క్యాష్, కేవైసీ కాగితాలు, అంటే ఒక్కొక్కరితో కాగితం చేత్తో పట్టుకుని మాట్లాడటం, మీ డెస్క్ అనుభవానికి దగ్గరే. దాంతో పాటు బీమా, డిపాజిట్లు వచ్చినవాళ్లకి అంటగట్టమనే ఒత్తిడి కూడా ఉంటుంది. డబ్బు అడిగే ఇబ్బంది బయటపడేది అక్కడ. కాబట్టి బ్యాంకు గురించి రెండు జవాబులు విడివిడిగా రాయండి, గేటుకి ఒకటి, కుర్చీకి ఒకటి.

పోల్చేటప్పుడు మార్కులు వేసి కూడటం నేను సూచించను. ఇష్టమైన దారి గెలిచేదాకా మార్కులు మార్చుకుంటూ పోతాం, మనకి తెలియకుండానే. దానికి బదులు ఒక్కో సీట్లో ముఖ్యమైన ఎనిమిది పనులు రాసి మూడే చూడండి. ఎన్ని పనులకి మీ దగ్గర రుజువైన క్రియ ఉంది? రోజులో నాలుగో వంతు కంటే ఎక్కువ తినే ఓపిక హరించే పని ఉందా? లోపలికి వెళ్లడానికి ఎన్ని నెలలు, ఎంత డబ్బు? రెండో ప్రశ్నకి 'ఉంది' అని వస్తే మొదటిది ఎంత బాగున్నా ఆ దారి కిందికి దిగాలి.

ఇంతా చేసినా ఇది కాగితమే. రెండు వారాలు పెట్టి చేతితో పరీక్షించండి. ఆడిటర్ పనికి మీ దగ్గరే సరుకుంది. మావయ్యని తన లాగిన్‌తో పోర్టల్‌లోంచి ఒక నెల జీఎస్టీఆర్-2బి ఎక్సెల్‌గా దించి ఇమ్మనండి, లాగిన్ వివరాలు మీరు అడగొద్దు. అదే నెల కొనుగోలు బిల్లులు 50 తీసి జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, పన్ను మొత్తం సరిపోల్చండి. తేడాలకి కారణం కూడా రాయాలి: సప్లయర్ ఎక్కించలేదా, వచ్చే నెలలో వేశాడా, మనవాళ్లే నంబరు తప్పు కొట్టారా. ఆ జాబితా షాపు లెక్కలు చూసే ఆడిటర్‌కి చూపించి, మీరు వదిలేసినవి ఎన్నో చెప్పించుకోండి. తర్వాత బిల్లు చూపించని ఒక సప్లయర్‌కి మీరే ఫోన్ చేయండి. 'ఇంకా తెలియదు' గడిలో ఉన్నది ఆ ఒక్క కాల్‌తో చాలావరకు తేలుతుంది.

బ్యాంకుకి, చదవకుండా మొదటి రోజే ఒక పూర్తి మాక్ రాయండి. పది రోజులు మీ బలహీనమైన విభాగం మాత్రమే రోజుకి గంట చేసి ఇంకో మాక్ రాయండి. మొదటి మార్కు తక్కువగా ఉందని కంగారు పడొద్దు, చూడాల్సింది రెండింటి మధ్య తేడా. చేసిన ప్రశ్నలు పెరిగి, తప్పులు పెరగకపోతే గేటు దాటే అవకాశం ఉంది. ప్రశ్నలతో పాటు తప్పులూ పెరిగితే వేగం కోసం గుడ్డిగా పెడుతున్నారని అర్థం. ద్వారకానగర్‌లో కోచింగ్ ఫీజు కట్టేది ఈ రెండు మాక్‌ల తర్వాతే.

డాక్యుమెంటేషన్‌కి, పార్టీల పేర్లు కొట్టేసిన పాత ఫార్మాట్లు ఇమ్మని మీ ఫ్రెండ్‌ని అడగండి. ఇన్‌వాయిస్ చూసి ప్యాకింగ్ లిస్టు మీరు నింపండి, ఫోన్లో గంట టైమర్ పెట్టుకుని. వీలైతే ఆ ఆఫీసులో కటాఫ్ ఉన్న సాయంత్రం ఒకసారి వెళ్లి కూర్చుని రండి. సీటు ఎక్కకుండానే జీతంతో పాటు చూసే దారి ఇంకొకటి ఉంది. డిగ్రీ అయినవాళ్లకి స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు nats.education.gov.in లో పెడతారు. అక్కడ విశాఖ పేరుతో వెతకండి.

పరీక్షలన్నీ అయ్యాక రెండు దారులు సమానంగా తేలితే, బయటికి రావడం తేలికైన దాన్ని ముందు పెట్టండి. జనరల్ కేటగిరీలో క్లర్క్ పరీక్షకి 28 ఏళ్ల దాకా వయసుంది, కాబట్టి ఆడిటర్ ఆఫీసులో చేరడం వల్ల బ్యాంకు తలుపు మూసుకుపోదు. నాన్నకి చెప్పాల్సింది కూడా ఇదే, రెండు మాక్‌ల మార్కులు, 50 బిల్లుల షీటు పక్కన పెట్టి. ఒక్క ఇబ్బంది ముందే లెక్కలో వేసుకోండి: ప్రతి నెలా 10 నుంచి 20 దాకా సాయంత్రాలు మీవి కావు, చదువు మిగతా ఇరవై రోజుల్లోనే పెట్టుకోవాలి. ప్రిలిమ్స్ తేదీ ఆ పది రోజుల్లో పడితే సెలవు గురించి చేరేరోజే మాట్లాడుకోండి.

ఏ దారైనా చేరే ముందు రాత్రి, తొమ్మిది నెలల తర్వాత ఏ పని మీకే అప్పగిస్తారని అనుకుంటున్నారో, ఏ పని ఓపిక తింటుందని అనుకుంటున్నారో అయిదారు వాక్యాల్లో రాసి, తేదీ వేసి, మెయిల్‌లో మీకే పంపుకోండి. తొమ్మిది నెలలకి తెరిచి చూసి, తప్పిన వాక్యాలను ఈ పదిహేను పనుల జాబితాకి కొత్తగా చేర్చండి. రెండో నిర్ణయం ఆ జాబితాతో మొదలుపెట్టండి.